మొదట అనుకున్న తేదీ

సికింద్రాబాద్ స్టేషన్‌లో అప్పుడప్పుడు బోర్డు మీద ‘రీషెడ్యూల్’ అని పడుతుంది. సాయంత్రం ఐదున్నరకు బయల్దేరాల్సిన బండి రాత్రి తొమ్మిదిన్నరకు బయల్దేరుతుందని మైకులో చెబుతారు. తీరా తొమ్మిదిన్నరకు బండి కదిలితే ప్లాట్‌ఫాం మీద జనం తిట్టుకోరు. పైగా ‘చెప్పిన టైముకి తీశాడు, నయమే’ అనుకుంటూ ఎక్కుతారు. ఆ నాలుగు గంటలూ ఎవరి లెక్కలోకీ రావు. నిర్మాణపు పనుల షెడ్యూళ్లు చూస్తూ బతికిన నాకు ఆ మైకు వినబడినప్పుడల్లా ఎన్నో మీటింగులు గుర్తొస్తాయి. ఆలస్యాన్ని తగ్గించడం కంటే, ఆలస్యాన్ని కొలిచే గీతను జరపడం ఎప్పుడూ సులువే.

ఆ గీతనే మా వృత్తిలో బేస్‌లైన్ అంటాం. పని మొదలుపెట్టే ముందు ఏది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో కాంట్రాక్టరూ యజమానీ ఒప్పుకుని సంతకాలు చేసిన షెడ్యూలు అది. తర్వాత రోజూ మారే షెడ్యూలు వేరు. వాన పడితే మారుతుంది, సిమెంటు రాకపోతే మారుతుంది. మారేదాన్ని మారనిదానితో పోల్చినప్పుడు కనబడే తేడాయే వేరియన్స్. ఇందులో తెలియని రహస్యమేమీ లేదు. చిక్కంతా ఆ రెండోదాన్ని మారకుండా ఉంచడంలోనే ఉంది, ఎప్పుడో ఒకప్పుడు దాన్నీ మార్చక తప్పని రోజు వచ్చినప్పుడు ఎలా మార్చాలన్నదానిలో ఉంది.

గోదావరి జిల్లాల్లో ఒక ఏటి మీద కట్టిన వంతెన సంగతి చెబుతాను. పర్యవేక్షణ కన్సల్టెంటు తరఫున ప్లానింగ్ చూసేది నేనే. నలభై కోట్ల పని, ఇరవై నాలుగు నెలల గడువు, అక్టోబరు 1న మొదలు. ఏటిలో ఐదు పియర్లు, వాటి కింద ఐదు వెల్ ఫౌండేషన్లు. వెల్ అంటే కాంక్రీటుతో పోసిన పెద్ద బావి గోడ. లోపలి ఇసుకను గ్రాబ్ బకెట్‌తో తోడుతూ పోతే అది తన బరువుతో తానే కిందికి దిగుతుంది. దిగినకొద్దీ పైన గోడ పోస్తూ పోవాలి. అనుకున్న లోతుకు చేరాక అడుగున కాంక్రీటు ప్లగ్ వేసి, పైన క్యాప్ పోసి, దాని మీద పియర్ లేపుతారు. ఇదంతా నీళ్లు తగ్గిన నవంబరు నుంచి జూన్ ఆఖరు వరకే. జూన్ 30 తర్వాత ఏటిలో పని చేయరాదని కాంట్రాక్టులోనే రాసి ఉంది.

కాంట్రాక్టరు మొదట ఇచ్చిన షెడ్యూలు అందంగా ఉంది. బార్లన్నీ మెట్లలా దిగుతూ సరిగ్గా ఇరవై నాలుగో నెలలో ఆగాయి. కానీ క్యాలెండరు తెరిచి చూస్తే జూలై, ఆగస్టు కూడా ఏటిలో పనిరోజులే. వరద నెలలకు సెలవు పెట్టడం మరిచిపోయారు, లేదా మరిచిపోయినట్టు నటించారు. ఆ నెలలను మూసి మళ్లీ లెక్క వేయిస్తే పని ఇరవై నాలుగు నెలల్లో ఇమడలేదు. రెండు క్రేన్లు పెడితే తప్ప కుదరదని తేలింది. బేస్‌లైన్ విలువ ముందుగా ఇక్కడే కనబడుతుంది. దాన్ని నిజాయితీగా తయారు చేసే ప్రయత్నంలోనే రెండో క్రేను ఒప్పందంలోకి వచ్చింది. పని మొదలయ్యాక అడిగి ఉంటే దానికి వేరే బిల్లు వచ్చేది.

రెండు క్రేన్లతో లెక్క ఇలా కుదిరింది. ఒక్కో వెల్ దించడానికి తొమ్మిది వారాలు. ఆ తర్వాత ప్లగ్, క్యాప్, వరద మట్టం దాటేదాకా పియర్, అన్నీ కలిపి ఆరు వారాలు. నవంబరులో మొదటి రెండు వెల్‌లు, జనవరిలో మూడు, నాలుగు, మార్చి 8 నుంచి ఒక క్రేనుతో ఐదోది. ఐదో పియర్ జూన్ 20కి నీళ్ల మట్టం దాటుతుంది. అంటే వరద గడువుకు మిగిలింది పది రోజులు. ఆ పది రోజులను ప్రతి పనిలో కొంచెం కొంచెంగా దాచుకుంటామని కాంట్రాక్టరు మేనేజరు అన్నాడు. అలా దాచిన రోజులు ఎవరికీ కనబడకుండానే ఖర్చయిపోతాయి. అందుకని వాటిని జూన్ 20కీ 30కీ మధ్య ఖాళీగా, అందరికీ కనబడేలా ఉంచాం. వరద నెలల్లో ఒడ్డున యార్డులో గర్డర్లు పోయడం, నవంబరు 1 నుంచి ఐదో పియర్ వైపు ఒడ్డు నుంచి వాటిని లాంచ్ చేయడం, తర్వాత డెక్ స్లాబ్. ముగింపు సెప్టెంబరు 30. ఈఈ గారు సంతకం పెట్టారు. అదీ బేస్‌లైన్.

మూడో వెల్ పదకొండు మీటర్లు దిగాక గట్టి బంకమన్ను తగిలి ఒక పక్కకు ఒరిగింది. వెల్ ఒరుగు ఎనభైకి ఒకటి మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన. ఎత్తుగా ఉన్న పక్క బరువులు పేర్చి, లోపల ఆ పక్కనే ఎక్కువ తోడుతూ, మెల్లమెల్లగా నిలబెట్టారు. ఇరవై నాలుగు రోజులు పోయాయి. నెలవారీ మీటింగులో ఆ వరుస ఎర్రగా మెరిసింది. హైదరాబాద్ నుంచి ఫోన్లు వచ్చాయి, వివరణ అడిగారు, రాశారు. నిజానికి ఆ ఇరవై నాలుగు రోజులు ముగింపు తేదీని ఒక్క రోజు కూడా కదపలేదు. మూడో పియర్ బేస్‌లైన్ ప్రకారం ఏప్రిల్ మధ్యలోనే నీళ్లు దాటాల్సింది. వరదకు ముందు దానికి రెండు నెలల పైన వెసులుబాటు ఉంది. ఐదో వెల్‌కు నాలుగో వెల్ క్రేను వెళ్లింది కాబట్టి అటు కూడా దెబ్బ తగల్లేదు.

అదే సమయంలో ఐదో వెల్ దగ్గర క్రేను రెండుసార్లు చెడింది. విడిభాగం రావడానికి, మళ్లీ బిగించడానికి కలిపి పన్నెండు రోజులు. మీటింగులో ఆ వరుస పసుపు రంగులోనే ఉంది, ఎందుకంటే పదిహేను రోజులు దాటితేనే ఎరుపు అని ఎవరో ముందే నియమం పెట్టారు. కానీ అక్కడ ఉన్న వెసులుబాటు పదే రోజులు. జూన్ 20 కాస్తా జూలై 2 అయింది. వరద గడువు దాటే పియర్‌ను మధ్యలో మొదలుపెట్టడం ప్రమాదమని, ప్లగ్ వేసి, పైన మూసి వదిలేశారు. అప్పటికి మూడో వెల్ పని ముగించి ఒక క్రేను ఊరికే ఉంది. ఐదో దానికి దాన్ని మార్చితే ఆ పన్నెండు రోజుల్లో సగమైనా దక్కేవి. ఎర్ర వరుస గురించి వివరణలు రాయడంలో పడి పసుపు వరుసను ఎవరూ పట్టించుకోలేదు. వేరియన్స్ ఎన్ని రోజులన్న అంకెను దాని పక్కన మిగిలిన వెసులుబాటు ఎంతో రాయకుండా చూడటం వల్ల వచ్చే నష్టం ఇది.

నవంబరులో నీళ్లు తగ్గాక దారి మళ్లీ వేసుకుని పియర్ పూర్తి చేసేసరికి డిసెంబరు 12. పన్నెండు రోజుల జాప్యం ఆ పియర్ దగ్గర దాదాపు ఆరు నెలలైంది. గర్డర్ల లాంచింగు అక్కడి నుంచే మొదలవ్వాలి కాబట్టి ఆరు వారాలు వెనక్కి పోయింది. ముగింపు నవంబరు 12 అని తేలింది. ఒకే తప్పిదం ఒకచోట పన్నెండు, మరోచోట నూట డెబ్బై అయిదు, చివర నలభై మూడు రోజులుగా కనబడింది. మూడు అంకెలూ నిజమే. యజమానికి కావలసింది చివరిది, సైటులో ఉన్నవాడికి కావలసింది మొదటిది.

ఇంకో అంకె కూడా ఉంది, అది డబ్బులో కొలిచేది. చేసిన పని విలువలోంచి అప్పటికి చేయాల్సిన పని విలువ తీసేస్తే `SV = EV − PV`, భాగిస్తే `SPI = EV / PV`. ఒకటి కంటే ఎక్కువుంటే ముందున్నామని, తక్కువుంటే వెనకబడ్డామని అర్థం. ఆ ఏడాది మే ఆఖరుకు మా వంతెన `SPI` 1.05. ఐదో వెల్ మునిగిపోబోతున్న నెలలో మేము అయిదు శాతం ముందున్నాం! కారణం తెలిసినదే. యార్డులో గర్డర్లు పోస్తే బిల్లు త్వరగా వస్తుంది, కాబట్టి కాంట్రాక్టరు వరద నెలల దాకా ఆగకుండా వాటిని ముందే మొదలుపెట్టాడు. రూపాయికి ఏ పని ముందు, ఏ పని వెనక అన్న తేడా తెలియదు. ఇంకా విచిత్రమేమంటే, ఎంత ఆలస్యంగా ముగిసిన పనికైనా చివరి రోజున ఈ అంకె సరిగ్గా ఒకటి దగ్గరకు వచ్చి ఆగుతుంది, చేయాల్సిందంతా చేసేశారు కనుక. ఈ లోపాన్ని సరిదిద్దడానికే వాల్ట్ లిప్కే 2003లో ఆలస్యాన్ని రూపాయల్లో కాకుండా కాలంలో కొలిచే పద్ధతి ప్రతిపాదించాడు. ఆ పద్ధతి మంచిదే గానీ, కీలకమైన గొలుసులో ఏ పని ఎక్కడుందో చూడకపోతే అదీ యార్డులో గర్డర్లు చూసి మోసపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నవంబరులో కాంట్రాక్టరు మేనేజరు వచ్చి కూర్చున్నాడు. మంచివాడే, పనిమంతుడు కూడా.

“పాత షెడ్యూలుతో ఇంకా ఎందుకు సార్? ప్రతి నెలా ఎరుపే చూపిస్తోంది. మా కుర్రాళ్లకు ఉత్సాహం పోతోంది. నవంబరు 12తో కొత్త బేస్‌లైన్ పెట్టుకుందాం, అక్కణ్నుంచి కచ్చితంగా కొడతాం” అన్నాడు.

“నీ క్రేను చెడితే గీత మేమెందుకు జరపాలయ్యా?” అన్నారు ఈఈ గారు, నవ్వుతూనే.

ఆలస్యమైంది అన్నది ఒక్కటే కారణమైతే బేస్‌లైన్ మార్చరాదు. ఆలస్యాన్ని చూపించడానికే కదా అది ఉన్నది. ఆ ఉత్సాహం మాటకు జవాబుగా వేరే కాగితం ఉంది. నవంబరు 12 లక్ష్యంగా పనివాళ్లకు వేరే రికవరీ షెడ్యూలు ఇవ్వొచ్చు, వారం వారం దానితో కొలుచుకోవచ్చు. అది సైటు గోడ మీద ఉంటుంది. ఒప్పందపు బేస్‌లైన్ ఫైల్లో కదలకుండా ఉంటుంది. చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుంటారు, అక్కడే తగవు మొదలవుతుంది.

జనవరిలో పరిస్థితి మారింది. ఆ వానాకాలం అవతలి ఒడ్డు బాగా కోసుకుపోయింది. వంతెనను ఒక స్పాను పొడిగించాలని, ఇంకా మొదలుపెట్టని అవతలి అబట్‌మెంటును ముప్ఫై మీటర్లు వెనక్కి జరపాలని, అబట్‌మెంటు అనుకున్నచోట ఇంకో వెల్, పియర్ రావాలని డిపార్టుమెంటు నిర్ణయించింది. సవరించిన అంచనా మంజూరై, అదనపు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఇక పాత బేస్‌లైన్ ఆ వంతెనది కాదు. అందులో లేని వెల్ ఇప్పుడు ఉంది, ఉన్న అబట్‌మెంటు ఇప్పుడు వేరేచోట ఉంది. ఇలాంటప్పుడు మార్చకపోవడమే తప్పు. మార్చకుండా కొత్త పనులు మాత్రం షెడ్యూలులో చేరుస్తూ పోతే సాఫ్ట్‌వేర్ కూడా దొంగ లెక్క చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో `Finish Variance = Finish − Baseline Finish`. బేస్‌లైన్ తర్వాత చేర్చిన పనికి `Baseline Finish` దగ్గర `NA` అని ఉంటుంది, వేరియన్స్ సున్నా అని పడుతుంది. అంటే కొత్త వెల్ ఎంత ఆలస్యమైనా దానికి ఆలస్యమే లేదు.

మార్చాలన్నది తేలింది. ఎలా మార్చాలన్నదే వారం రోజుల రగడ. కొత్త స్పానుతో సహా ముగింపు అంచనా జనవరి 31. కాంట్రాక్టరు ఆ తేదీతోనే కొత్త బేస్‌లైన్ ఇచ్చాడు. సెప్టెంబరు 30 నుంచి జనవరి 31 దాకా నూట ఇరవై మూడు రోజులు, అన్నిటికీ కారణం స్పాను పెరగడమేనని ఉత్తరం. నేను చేసిందల్లా ఆ నూట ఇరవై మూడిని రెండుగా విడదీయడం. డిసెంబరు ఆఖరుకు ఉన్న షెడ్యూలులో కొత్త పనులేవీ లేవు, అప్పటికే ముగింపు నవంబరు 12 చూపిస్తోంది. అదే షెడ్యూలులో కొత్త స్పాను పనులు చేర్చి లెక్క వేస్తే జనవరి 31. కాబట్టి స్పాను వల్ల వచ్చింది ఎనభై రోజులు, అంతకు ముందున్న నలభై మూడు క్రేనువి. సైటులో హిండ్రన్స్ రిజిస్టరు ఉంటుంది, యజమాని వైపు నుంచి వచ్చిన ఆటంకాలన్నీ తేదీలతో, ఇద్దరి సంతకాలతో అందులో ఎక్కుతాయి. ఐదో వెల్ దగ్గర పోయిన పన్నెండు రోజులకూ అందులో ఒక్క వరుస కూడా లేదు. క్రేను తనదే కాబట్టి కాంట్రాక్టరు రాయమని అడగనూ లేదు.

కొత్త బేస్‌లైన్ ముగింపు అలా డిసెంబరు 19 అయింది, సెప్టెంబరు 30కి ఎనభై రోజులు కలిపితే వచ్చే తేదీ. అప్పటి అంచనా జనవరి 31. అంటే కొత్త బేస్‌లైన్ పుట్టిన రోజే నలభై మూడు రోజులు వెనకబడి ఉంది. మేనేజరుకు ఇది మింగుడుపడలేదు. “కొత్తది పెట్టుకుని మొదటి రోజే ఎరుపా సార్?” అన్నాడు. అవును, ఎరుపే. బేస్‌లైన్ మార్చినంత మాత్రాన పాత బాకీ తీరదు. ముగిసిపోయిన పనుల పాత తేదీలను కూడా ముట్టుకోలేదు. పాత బేస్‌లైన్‌ను `Baseline 1` గా భద్రపరిచాం. ఆ సాఫ్ట్‌వేర్‌లో అలాంటి గదులు పది ఉంటాయి, ఎందుకిచ్చారో ఎక్కువమంది ఆలోచించరు. `Set Baseline` నొక్కి మొదటిదాని మీదే రెండోది రాసేస్తారు.

కావలసినట్టల్లా సాగే రబ్బరు బేస్‌లైన్‌ను పట్టుకోవడానికి నేను చూసేది ఒకటుంది. మిగిలిన పనుల వ్యవధులు ఇప్పటిదాకా నిజంగా జరిగిన వేగంతో సరిపోతున్నాయా అని. మొదటి ఐదు వెల్‌లు తొమ్మిది వారాలు, అంతకు మించి తీసుకున్నాయి. కొత్త వెల్‌కు కాంట్రాక్టరు మొదట రాసింది ఆరు వారాలు. ఎందుకని అడిగితే అనుభవం వచ్చిందన్నాడు. అనుభవం వచ్చింది నిజమే, మట్టి మాత్రం అదే మట్టి. తొమ్మిదే రాయించాం.

పాత బాకీని కూడా కలిపి గీతను మొత్తంగా కొత్తగా గీయాల్సిన సందర్భం ఉండదా? ఉంటుంది, అరుదుగా. మొదటి ప్రణాళికే నిజం కాదని బయటివాళ్లు పరిశీలించి తేల్చినప్పుడు. నాసా వాళ్ల జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కథ అలాంటిదే. మొదటి బేస్‌లైన్ ప్రకారం దాదాపు ఐదు వందల కోట్ల డాలర్లు, 2014 జూన్‌లో ప్రయోగం. 2010లో స్వతంత్ర కమిటీ ఒకటి చూసి, సాంకేతికంగా పని బాగానే ఉందని, బడ్జెట్టూ నిర్వహణా మొదటి నుంచే సరిగా లేవని, అనుకోని ఖర్చులకు తగిన నిల్వ పెట్టుకోలేదని చెప్పింది. అలాంటి గీతతో నెలనెలా కొలవడంలో అర్థం లేదు, ఏ అంకె వచ్చినా అది పనివాళ్ల గురించి ఏమీ చెప్పదు. 2011లో కొత్త బేస్‌లైన్ వేశారు, 880 కోట్ల డాలర్ల పైన, ప్రయోగం 2018 అక్టోబరు. ఈసారి ఏడాదికి పైగా వెసులుబాటు బాహాటంగా పెట్టారు. అది సమంజసమేనని నేనూ అంటాను.

2018లో మళ్లీ మార్చారు, 2021 మార్చికి. ఈసారి కారణాలు వేరు. ఇంధన వాల్వులను తగని ద్రావకంతో కడగడం, ధ్వని పరీక్షలో సన్‌షీల్డు కవరు మరలు ఊడిపోవడం లాంటివి. ఇవి మా క్రేను బాపతే, పెద్ద మోతాదులో. అయితే అక్కడ చట్టం ఒక కాపలా పెట్టింది. అభివృద్ధి ఖర్చు బేస్‌లైన్ మీద 15 శాతం దాటేలా ఉన్నా, గడువు ఆరు నెలలు జారేలా ఉన్నా నాసా అమెరికా కాంగ్రెస్‌కు తెలియజేయాలి. ఖర్చు 30 శాతం దాటితే కాంగ్రెస్ మళ్లీ అనుమతిస్తేనే పని ముందుకు సాగుతుంది. గీత జరపడానికి చేతనైనవాడు ఒకడు, అనుమతించేవాడు మరొకడు. చివరికి టెలిస్కోప్ ఎగిరింది 2021 డిసెంబరు 25న. ఆఖరి బేస్‌లైన్‌తో చూస్తే తొమ్మిది నెలలు ఆలస్యం, మొదటిదానితో చూస్తే ఏడున్నరేళ్లు. రెండు అంకెలూ ఈనాటికీ దొరుకుతాయి, అదీ అక్కడి మంచి అలవాటు.

మన దగ్గరా అలాంటి అలవాటు లేకపోలేదు. 150 కోట్లు దాటిన కేంద్ర ప్రాజెక్టుల మీద గణాంక మంత్రిత్వ శాఖ వెలువరించే నివేదికల్లో ముగింపు తేదీని మొదట అనుకున్నది, సవరించినది, ఇప్పుడు ఊహిస్తున్నది అని విడివిడిగా చూపించే పద్ధతి చాలాకాలంగా ఉంది. వార్తల్లో ఒక్క తేదీయే వస్తుంది. నివేదిక చదివే ఓపికున్నవాళ్లకు మిగతావీ కనబడతాయి.

మా వంతెన జనవరి 8న పూర్తయింది. డెక్ స్లాబ్ దగ్గర కాంట్రాక్టరు రెండు షిఫ్టులు నడిపి నలభై మూడు రోజుల్లో ఇరవై మూడు తిరిగి సంపాదించాడు. జనవరి 31తో బేస్‌లైన్ ఒప్పుకుని ఉంటే కాగితం మీద అతను ఇరవై మూడు రోజులు ముందు ముగించినవాడయ్యేవాడు, లేదా అసలు రెండు షిఫ్టుల అవసరమే పడేది కాదు. డిసెంబరు 19 నుంచి లెక్కేసి ఇరవై రోజులకు జరిమానా కోశారు. స్పాను వల్ల వచ్చిన ఎనభై రోజులకు ఒక్క రూపాయి కూడా కోయలేదు.